స్కోరు తగ్గినా జాడ మిగులుతుంది: పారాఫ్రేజింగ్, హ్యూమనైజర్ ఉపకరణాలు దాటిన పాఠ్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కృత్రిమ మేధ రాసిన పాఠ్యాన్ని గుర్తించే డిటెక్టర్లు ప్రధానంగా పదాల ఎంపికలోని ఊహ్యతను కొలుస్తాయి. పారాఫ్రేజింగ్, హ్యూమనైజర్ ఉపకరణాలు మార్చేది కూడా ఆ పదాల ఎంపికనే. అందువల్ల స్కోరు తగ్గుతుంది. అయితే పరిభాష, వాదక్రమం, ఉల్లేఖనాలు, అక్షరసంకేతాలు స్కోరు పరిధిలోకి రావు. మార్పు జాడలు అక్కడ నిలిచిపోతాయి. ఈ కారణాలను వివరించి, కందపద్య లక్షణాన్ని తెలిపే ఒక పేరాను ఉదాహరణగా విశ్లేషించి, జాడలు దేనిని నిరూపిస్తాయో, దేనిని నిరూపించలేవో తెలపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: డిటెక్టర్, పర్‌ప్లెక్సిటీ, పారాఫ్రేజింగ్, హ్యూమనైజర్, వక్రపరిభాష, యూనికోడ్, పరిశోధన నైతికత.

1. ప్రవేశిక

సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు అధ్యాయాలను డిటెక్టర్‌లో పరీక్షించుకోవడం పరిశోధకులలో అలవాటుగా మారింది. స్కోరు ఎక్కువగా వస్తే పాఠ్యాన్ని హ్యూమనైజర్‌లో వేయడం, స్కోరు తగ్గాక దానినే సమర్పించడం తరువాతి మెట్టు. యంత్రంతో రాయించినవారే ఇలా చేస్తారనుకోవడం పొరపాటు. సొంతంగా రాసుకున్నవారు కూడా తమ రచనను డిటెక్టర్ అనుమానిస్తుందేమోనన్న భయంతో ఈ దారి పడుతున్నారు. ఇద్దరి పాఠ్యాలలోనూ ఉపకరణం ఒకే రకమైన జాడలను వదులుతుంది. నిజాయితీగా రాసిన పరిశోధకునికి ఇందులో నష్టం రెండింతలు. లేని అనుమానాన్ని కొని తెచ్చుకోవడం ఒకటి, సరిగా రాసుకున్న శాస్త్రవిషయం చెడిపోవడం రెండవది.

2. స్కోరు దేనిని కొలుస్తుంది?

భాషానమూనా ప్రతి చోటా తరువాత రాదగిన పదాలకు సంభావ్యతలను లెక్కగడుతుంది. ఎక్కువ సంభావ్యత ఉన్న పదాలనే తరచుగా ఎన్నుకొంటుంది కనుక, దాని రచనను మరొక నమూనా చదివినప్పుడు ఆశ్చర్యపడవలసిన చోట్లు తక్కువగా ఉంటాయి. ఈ ఆశ్చర్యపు కొలతనే పర్‌ప్లెక్సిటీ అంటారు. పాఠ్యంలోని పదాల సంభావ్యతలను గుణించి, ఆ లబ్ధం యొక్క వ్యుత్క్రమానికి పదాల సంఖ్యను బట్టి మూలం తీస్తే అది వస్తుంది.

ఒక చిన్న లెక్కతో ఇది స్పష్టమవుతుంది. నాలుగు పదాల వాక్యంలో పదాల సంభావ్యతలు వరుసగా 0.5, 0.4, 0.5, 0.4 అనుకొందాం. వాటి లబ్ధం 0.04. దాని వ్యుత్క్రమం 25. నాలుగవ మూలం తీస్తే సుమారు 2.24. ఇప్పుడు రెండవ, నాలుగవ పదాల స్థానంలో అరుదైన పర్యాయపదాలు చేరి, వాటి సంభావ్యత 0.02కు పడిపోయిందనుకొందాం. లబ్ధం 0.0001, వ్యుత్క్రమం 10,000, నాలుగవ మూలం 10. రెండే పదాలు మారాయి, కొలత నాలుగు రెట్లకు పైగా పెరిగింది. చెప్పిన విషయంలో కొత్తదనం ఏమీ చేరలేదు.

అన్ని డిటెక్టర్లూ ఈ ఒక్క కొలత మీదే ఆధారపడవు. కొన్ని వాక్యాల నిడివిలోని హెచ్చుతగ్గులను కూడా చూస్తాయి. కొన్నింటికి మానవ రచనలను, యంత్ర రచనలను వేల సంఖ్యలో చూపి శిక్షణ ఇస్తారు. 2023లో వెలువడిన డిటెక్ట్‌జీపీటీ అనే పద్ధతి పాఠ్యాన్ని అక్కడక్కడా కొద్దిగా మార్చి, ఆ మార్పుల వల్ల సంభావ్యత ఎంత పడిపోతుందో గమనిస్తుంది. యంత్ర రచనలో ప్రతి పదమూ ‘శిఖరం’ మీద ఉంటుంది కనుక ఏది మార్చినా సంభావ్యత దిగజారుతుందన్నది దాని ఆధారసూత్రం. పద్ధతులు వేరైనా, వీటన్నింటికీ సామాన్యమైన ముడిసరుకు ఒకటే. అది వాక్యపు పైపొరలోని పదాలు, వాటి కూర్పు.

3. ఉపకరణం చేసే పని

పారాఫ్రేజింగ్ ఉపకరణాలలో పాతతరంవి నిఘంటువును ఆధారంగా చేసుకొని పదానికి పర్యాయపదాన్ని పెట్టేవి. వాక్యాన్ని వేరొక భాషలోకి అనువదించి, తిరిగి మూలభాషలోకి తెచ్చే పద్ధతి మరొకటి. నేటి ఉపకరణాలు భాషానమూనాతోనే పేరా మొత్తాన్ని తిరగరాయిస్తాయి. హ్యూమనైజర్ అనే పేరుతో వచ్చేవాటిలో అనేకం దీనికి మరికొన్ని చర్యలను జోడిస్తాయి. పొడవాటి వాక్యాన్ని రెండుగా విరవడం, పొట్టి వాక్యాలను కలపడం, సంభాషణధోరణి మాటలు చేర్చడం, ఉద్దేశపూర్వకంగా చిన్న తప్పులను ప్రవేశపెట్టడం వంటివి అవి.

ఏ పద్ధతిలోనైనా అసలు నమూనా ఎన్నుకొన్న పదాలు శిఖరం మీద నుంచి దిగిపోతాయి. డిటెక్టర్ వెతికే లక్షణం అదే కనుక స్కోరు పడిపోతుంది. ఈ పతనం ఎంత తీవ్రంగా ఉంటుందో 2023లో కల్పేశ్ కృష్ణ, ఆయన సహపరిశోధకులు ప్రకటించిన అధ్యయనం చూపింది. వారు 1,100 కోట్ల పరామితులు గల డిప్పర్ అనే పారాఫ్రేజింగ్ నమూనాను తయారుచేశారు. మానవ రచనలలో 1 శాతాన్ని మాత్రమే పొరపాటుగా పట్టుకొనేలా డిటెక్ట్‌జీపీటీని అమర్చినప్పుడు, అది యంత్ర రచనలలో 70.3 శాతాన్ని గుర్తించింది. అవే పాఠ్యాలను డిప్పర్‌తో తిరగరాయించాక గుర్తింపు 4.6 శాతానికి పడిపోయింది. పాఠ్యాల అర్థం మాత్రం పెద్దగా మారలేదు.

ఆ చివరి మాటలోనే ఈ చర్చకు మూలం ఉంది. అర్థం మారకుండా పదాలు మారాయంటే, అర్థాన్ని మోసే నిర్మాణం యథాతథంగా ఉందని అర్థం. అర్థం మారితే, శాస్త్రవిషయంలో తప్పు దొర్లిందని అర్థం. ఉపకరణం ఈ రెండింటిలో ఏదో ఒక జాడను వదలక తప్పదు.

4. మిగిలే జాడలు

4.1 పరిభాష చెదరడం

సాధారణ పదానికి పర్యాయపదం ఉంటుంది. పారిభాషికపదానికి ఉండదు. ఈ భేదం తెలియని ఉపకరణాల వల్ల పుట్టిన వింతపదాలను గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగాజినోవ్ 2021లో వెలుగులోకి తెచ్చి, వాటికి ‘టార్చర్డ్ ఫ్రేజెస్’ అని పేరుపెట్టారు. వక్రపరిభాష అని దీనిని తెలుగులో వ్యవహరించవచ్చు. ఆంగ్ల పరిశోధన పత్రాలలో ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అనవలసిన చోట ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అనీ, ‘బిగ్ డేటా’ అనవలసిన చోట ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ అనీ, ‘సిగ్నల్ టు నాయిస్’ స్థానంలో ‘ఫ్లాగ్ టు కమోషన్’ అనీ వారికి కనిపించాయి. సంకేతం అనే అర్థంలో సిగ్నల్‌కు జెండా పర్యాయమే. సంకేతశాస్త్రంలో మాత్రం ఆ జెండాకు చోటు లేదు. ఇటువంటి పదబంధాలను ఏ పండితుడూ పొరపాటునైనా వాడడు కనుక, వాటిని ఆధారం చేసుకొని అనుమానాస్పద పత్రాలను వెతకడం సాధ్యమైంది.

తెలుగులో ఈ ప్రమాదం ఎలా ఉంటుందో చూడడానికి, వివరణ కోసం కూర్చిన ఒక పేరాను తీసుకొందాం.

“కందపద్యంలో ఒకటి, మూడు పాదాలకు మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాలకు అయిదేసి గణాలు ఉంటాయి. రెండవ, నాలుగవ పాదాలలో నాలుగవ గణం మొదటి అక్షరంతో యతి చెల్లాలి. నాలుగు పాదాలకూ ప్రాసనియమం ఉంది. ప్రతి అర్ధభాగంలోనూ ఆరవ గణం నలము గాని జగణం గాని కావాలి. బేసి గణాలలో జగణం ఉండకూడదు.”

ఇది ఇంగ్లీషులోకి వెళ్ళి తిరిగి తెలుగులోకి వస్తే ఏర్పడగల రూపం ఇలా ఉంటుంది.

“కంద పద్యంలో మొదటి, మూడవ అడుగులు మూడు సమూహాలను, రెండవ, నాలుగవ అడుగులు అయిదు సమూహాలను కలిగి ఉంటాయి. రెండవ, నాలుగవ అడుగులలో నాలుగవ సమూహపు తొలి అక్షరం వద్ద విరామం పాటించబడాలి. నాలుగు అడుగులకూ అంత్యప్రాస వర్తిస్తుంది. ప్రతి సగంలో ఆరవ సమూహం నలం లేదా జగణం అయి ఉండాలి. బేసి సమూహాలలో జగణం సాధారణంగా కనిపించదు.”

వాక్యాలు వ్యాకరణయుక్తంగానే ఉన్నాయి. ఛందస్సు తెలియని పాఠకునికి లోపం తట్టదు. తెలిసిన పాఠకుడు మాత్రం నాలుగు చోట్ల ఆగిపోతాడు.

మొదటిది, పాదం అడుగుగా మారడం. ఇంగ్లీషు ఛందశ్శాస్త్రంలో ‘ఫుట్’ అనేది పద్యపంక్తి పేరు కాదు, పంక్తిలోని లయఖండం పేరు. అంటే అది మన గణానికి దగ్గరిది. పాదం ఇంగ్లీషు మీదుగా అడుగైనప్పుడు రెండు శాస్త్రాల పరిభాష కలగాపులగమైంది.

రెండవది, యతి విరామంగా మారడం. సంస్కృతంలో యతి అంటే విరామమే. తెలుగు ఛందస్సులో యతి అక్షరమైత్రి. పాదం మొదటి అక్షరానికి, యతిస్థానంలోని అక్షరానికి మధ్య పొత్తు కుదరాలి, అక్కడ పదం విరగనక్కరలేదు. ‘విరామం పాటించబడాలి’ అన్న వాక్యం తెలుగు పద్యానికి లేని నియమాన్ని కల్పిస్తోంది.

మూడవది, ప్రాస అంత్యప్రాస కావడం. తెలుగు ప్రాస పాదంలోని రెండవ అక్షరానికి సంబంధించినది. ఇంగ్లీషులోని ‘రైమ్’ పంక్తి చివర ఉండేది. ప్రాస ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు తన స్థానాన్ని పోగొట్టుకొని, తిరిగివచ్చేటప్పుడు చివరికి చేరింది.

నాలుగవది అన్నింటికంటె సూక్ష్మమైనది. ‘ఉండకూడదు’ అన్న నిషేధం ‘సాధారణంగా కనిపించదు’ అన్న పరిశీలనగా బలహీనపడింది. పరిభాషను జాగ్రత్తగా కాపాడే నేటి ఉపకరణాలు సైతం ఈ రకమైన పొరపాటు చేయగలవు. నియమం ధోరణిగా, ‘కొన్ని’ ‘అనేకం’గా, ‘కావచ్చు’ ‘అవుతుంది’గా మారిపోవడం వాటి పాఠ్యంలో వెతకవలసిన గుర్తులు.

పాఠ్యంలో ఆశ్చర్యం ఎక్కడ ఉందన్నది కూడా ఇక్కడ గమనింపదగినది. పరిశోధకుని రచనలో ఆశ్చర్యం సాధారణంగా విషయంలో ఉంటుంది. ఒక అరుదైన ప్రతి, ఒక పాఠభేదం, ఊహించని ఒక ఉదాహరణ వంటివి. తిరగరాసిన పాఠ్యంలో విషయం అందరికీ తెలిసినదే, ఆశ్చర్యమంతా పదాలలో ఉంటుంది. డిటెక్టర్ సగటును చూస్తుంది కనుక ఈ రెండింటికీ తేడా దానికి తెలియదు. విషయం తెలిసిన పాఠకుడికి తెలుస్తుంది.

4.2 వాదక్రమం మారకపోవడం

పై ఉదాహరణలో అయిదు వాక్యాలూ అదే వరుసలో ఉన్నాయి. లక్షణం చెప్పే పేరాలో ఆ వరుస సహజం కనుక అది దేనికీ గుర్తు కాదు. అధ్యాయం మొత్తంలో మాత్రం క్రమానికి విలువ ఉంది. ప్రతి ఉపశీర్షిక కింద మూడేసి కారణాలు, ప్రతి కారణానికీ దాదాపు ఒకే నిడివి, ప్రతి పేరా చివర అదే విషయాన్ని తిరిగి చెప్పే వాక్యం ఉన్నాయనుకొందాం. హ్యూమనైజర్ వాక్యాలను విరిచి, కలిపి, పదాలను మార్చినా ఈ చట్రాన్ని ముట్టుకోదు. అది ఎక్కువగా వాక్యం, పేరా స్థాయిలో పనిచేస్తుంది. అధ్యాయంలో ఏ ఆధారానికి ఎంత చోటివ్వాలో నిర్ణయించడం దాని పని కాదు.

డిప్పర్‌ను తయారుచేసిన పరిశోధకులే ఈ స్థిరత్వాన్ని ఆధారం చేసుకొని ఒక ప్రతిక్రియను ప్రతిపాదించారు. నమూనా ఉత్పత్తి చేసే ప్రతి పాఠ్యాన్నీ దానిని నడిపే సంస్థ భద్రపరచి, అనుమానిత పాఠ్యాన్ని అర్థసామ్యం ప్రకారం ఆ నిధితో పోల్చాలన్నది వారి సూచన. 1.5 కోట్ల పాఠ్యాల నిధిపై చేసిన ప్రయోగాలలో, 1 శాతం మానవ రచనలను మాత్రమే పొరపాటుగా పట్టుకొంటూ, తిరగరాసిన పాఠ్యాలలో 80 నుండి 97 శాతం వరకు గుర్తించగలిగారు. పదాలు మారినా అర్థం నిలిచి ఉండడమే ఇందుకు కారణం. అయితే అటువంటి నిధి నమూనాను నడిపే సంస్థ వద్దనే ఉండగలదు. విశ్వవిద్యాలయానికి ఈ మార్గం నేరుగా అందదు.

4.3 ఉల్లేఖనాలు, ఆధారాలు

ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్న మాటలు మూలంలో ఉన్నట్టే ఉండాలి. ఆ నియమాన్ని పాటించని ఉపకరణం ఉల్లేఖనాన్ని కూడా తిరగరాస్తుంది. ఫలితంగా విమర్శకుడు అనని మాట అతని పేరు మీద నిలుస్తుంది. గ్రంథనామాలు, అధ్యాయనామాలు కూడా ఇలాగే మారవచ్చు. దీనికి విరుద్ధమైన జాడ కూడా ఉంది. యంత్రం మొదట కల్పించిన లేని గ్రంథం, లేని పుట సంఖ్య ఉపకరణం గుండా చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. పదాలను మార్చే సాధనం ఆధారం నిజమా కాదా అని చూడదు. అందుచేత స్కోరు శూన్యమైన అధ్యాయంలోనూ ఆధారసూచికను గ్రంథాలయంలో సరిచూస్తే బయటపడే తప్పులు అలాగే ఉంటాయి. పరీక్షకుడు అయిదారు ఉల్లేఖనాలను మూలంతో పోల్చడం ఏ డిటెక్టర్ కంటెనూ నమ్మదగిన పరీక్ష.

4.4 కనబడని అక్షరాలు

కొన్ని ఉపకరణాలు పదాలను మార్చకుండా అక్షరసంకేతాలను మారుస్తాయి. ఆంగ్ల పాఠ్యంలో లాటిన్ అక్షరం `a` (U+0061) స్థానంలో అచ్చం అలాగే కనిపించే సిరిలిక్ అక్షరం `а` (U+0430) పెట్టడం, పదం మధ్యలో వెడల్పు లేని ఖాళీ (U+200B) చేర్చడం ఇందుకు ఉదాహరణలు. కంటికి తేడా తెలియదు. యంత్రానికి మాత్రం ఆ పదం తెలియని ముక్కలుగా విడిపోయి, కొలత తలకిందులవుతుంది. ఈ జాడ పట్టుకోవడం సులభం. కనబడని సంకేతాలను ఈ చిన్న ప్రోగ్రామ్ వెలికితీస్తుంది.

```python
import unicodedata
text = open("chapter.txt", encoding="utf-8").read()
for i, ch in enumerate(text):
    if unicodedata.category(ch) == "Cf":
        print(i, hex(ord(ch)), unicodedata.name(ch, ""))
```

తెలుగు పాఠ్యానికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘కంప్యూటర్‌లో’ వంటి పదంలో పొల్లు తరువాతి హల్లుతో కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపడానికి U+200C అనే సంకేతాన్ని వాడతారు. అది కీబోర్డు నుండి న్యాయంగా వచ్చేదే. పై ప్రోగ్రామ్ దానినీ చూపిస్తుంది. కనుక తెలుగు అధ్యాయంలో U+200C వందసార్లు కనిపించినా అది దోషానికి గుర్తు కాదు.

5. జాడల పరిమితులు

స్కోరును గుడ్డిగా నమ్మడం ఎంత ప్రమాదమో, జాడను గుడ్డిగా నమ్మడం అంతే ప్రమాదం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రకటించిన అధ్యయనంలో, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లు సగటున 60 శాతానికి పైగా యంత్ర రచనలుగా పొరబడ్డాయి. పరిమితమైన పదజాలంతో రాసేవారి వాక్యాలు ఊహ్యంగా ఉంటాయి కనుక ఇలా జరిగింది. ఇంగ్లీషులో సిద్ధాంత వ్యాసం రాసే తెలుగు పరిశోధకులకు ఈ ప్రమాదం దగ్గరిది. ఓపెన్ఏఐ సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన తన డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువన్న కారణంతో అదే ఏడాది జూలైలో ఉపసంహరించుకొంది.

పైన చెప్పిన జాడలకు కూడా వేరే కారణాలు ఉండవచ్చు. తెలుగులో ఆలోచించి యంత్రానువాదంతో ఇంగ్లీషులోకి తెచ్చుకొన్నవారి పాఠ్యంలో వక్రపరిభాష వస్తుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వింత సంకేతాలు మిగులుతాయి. మూడేసి కారణాల చట్రం పోటీ పరీక్షల అలవాటు నుండి కూడా వస్తుంది. ఒక జాడ చెప్పగలిగేది ‘ఈ వాక్యం ఏదో ఒక యాంత్రిక ప్రక్రియ గుండా వచ్చి ఉండవచ్చు’ అని మాత్రమే. మొదటి రచన ఎవరిదో అది చెప్పలేదు.

6. పర్యవేక్షణలో అన్వయం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో జారీచేసిన నియమావళి సామ్యాన్ని గురించినది. 10 శాతం వరకు సామ్యానికి శిక్ష లేదు. 10 నుండి 40, 40 నుండి 60, 60కి పైన అని మూడు స్థాయిలను అది నిర్దేశించింది. కృత్రిమ మేధ స్కోరుకు అందులో స్థాయిలు లేవు. రెండు నివేదికలలోనూ శాతాలే కనిపిస్తాయి కనుక ఒకదానిని మరొకటిగా చదివే పొరపాటు జరుగుతుంది. సామ్యనివేదిక ప్రతి వాక్యానికీ మూలాన్ని చూపిస్తుంది, దానిని తెరిచి సరిచూడవచ్చు. డిటెక్టర్ స్కోరు వెనుక తెరిచి చూడగల మూలమేదీ లేదు.

కనుక పర్యవేక్షకుడు జాడను ఆరోపణకు కాక ప్రశ్నకు ఆధారం చేసుకోవాలి. కంద ఉదాహరణలో అడగవలసిన ప్రశ్న ‘ఇది యంత్రం రాసిందా?’ అన్నది కాదు. ‘ఇక్కడ విరామం అన్నారు. ఈ పద్యంలో అది ఎక్కడ ఉందో చూపండి’ అన్నది. సొంతంగా రాసి, భయంతో హ్యూమనైజర్‌లో వేసిన విద్యార్థి తన పాత చిత్తుప్రతిని తీసి, యతి అని రాసుకున్న వాక్యాన్ని చూపగలడు. పద్యానికి గణవిభజన చేసి మైత్రిని వివరించగలడు. లక్షణం తెలియనివాడు విరామాన్ని వెతుకుతాడు. తేదీలతో కూడిన చిత్తుప్రతులు, గ్రంథాలయంలో రాసుకున్న నోట్సు, పర్యవేక్షకుడు దిద్దిన కాగితాలు ఇటువంటి సందర్భంలో ఏ స్కోరు కంటెనూ బలమైన సాక్ష్యం.

7. ముగింపు

డిటెక్టర్ కొలిచే పొర, హ్యూమనైజర్ మార్చే పొర ఒకటే కావడం వల్ల స్కోరు తగ్గుతుంది. ఆ పొర కింద ఉన్న పరిభాష, వాదక్రమం, ఉల్లేఖనం ఈ మార్పులో కొన్నిచోట్ల చెడిపోతాయి, కొన్నిచోట్ల మారకుండా నిలుస్తాయి. రెండు స్థితులూ విషయజ్ఞునికి కనిపిస్తాయి. తన రచనను తానే చేసిన పరిశోధకుడికి హ్యూమనైజర్ వల్ల ఒరిగేది లేదు. స్కోరు కోసం అతడు యతిని విరామంగా మార్చుకొంటే, డిటెక్టర్ ముందు నెగ్గిన వాక్యం మౌఖిక పరీక్షలో ఛందస్సు తెలిసిన పరీక్షకుని ముందు నిలవదు.